నలుగురి నోట్స్ నుంచి ఒకే సెమినార్ ప్రెజెంటేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలోని సమాధానాలన్నీ ఒకే ఉదాహరణ ఆధారంగా సాగుతాయి. నలుగురు డిగ్రీ విద్యార్థులు రామప్ప గుడి గురించి తెలుగులో 12 నిమిషాల సెమినార్ ఇవ్వవలసి ఉంది. చరిత్ర భాగం వర్డ్ ఫైల్‌గా వచ్చింది. నిర్మాణం, శిల్పం గురించిన భాగం నోటుపుస్తకం పేజీల ఫోటోలుగా వాట్సాప్‌లో వచ్చింది. ఊరు, చెరువు, చేరుకునే దారి గురించిన భాగాన్ని నెట్ సెంటర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించారు. యునెస్కో గుర్తింపు గురించిన భాగం గూగుల్ డాక్స్‌లో, సగం తెలుగు, సగం ఇంగ్లిష్ వాక్యాలతో ఉంది. వీటిని ఒక్కరే తయారు చేశారనిపించే ప్రెజెంటేషన్‌గా ఎలా మార్చాలన్నదే ఇక్కడి విషయం.

నలుగురి ఫైళ్లూ వచ్చేశాయి. నేరుగా పవర్‌పాయింట్ తెరిచి ఒక్కొక్కరి భాగాన్ని అతికించుకుంటూ పోవచ్చా?

అలా చేయకపోవడమే మంచిది. స్లైడ్‌లో అతికించిన మరుక్షణం నుంచి మన దృష్టి అక్షరాల సైజు మీదకు, బొమ్మ పట్టడం లేదన్న ఇబ్బంది మీదకు మళ్లుతుంది. ఇద్దరు ఒకే విషయాన్ని రెండుసార్లు రాశారన్న సంగతీ, ఒకరి సంవత్సరం మరొకరి సంవత్సరంతో పొసగడం లేదన్న సంగతీ అప్పుడు కంటికి ఆనవు. అందుచేత ముందుగా ఖాళీ వర్డ్ ఫైల్ గాని గూగుల్ డాక్ గాని తెరిచి, నాలుగు భాగాలనూ రంగులు, బోల్డ్, బులెట్ గుర్తులు ఏవీ లేకుండా ఉత్త అక్షరాలుగా అందులోకి తీసుకోవాలి. వర్డ్‌లో అతికించేటప్పుడు Keep Text Only అన్న ఎంపికను, గూగుల్ డాక్స్‌లో అయితే Ctrl+Shift+V ని వాడితే అక్షరాలు మాత్రమే వస్తాయి. ఎవరి భాగం ఎక్కడ మొదలైందో తెలిసేలా ప్రతి భాగం పైన రాసినవారి పేరు ఉంచండి. సందేహం వచ్చినప్పుడు ఎవరిని అడగాలో అదే చెబుతుంది. పాత ఫైళ్లు నాలుగింటినీ చెరిపివేయకుండా వేరే ఫోల్డర్‌లో భద్రపరచాలి.

నలుగురం ఒకేసారి ఆన్‌లైన్‌లో కూర్చుని కలపడం మంచిదా, ఒక్కరికే అప్పగించడం మంచిదా?

నిర్ణయాలు నలుగురూ కలిసి తీసుకోవాలి, ఫైల్ మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండాలి. గూగుల్ స్లైడ్స్‌లో నలుగురూ ఒకే ఫైల్‌లో పని చేసే వీలుంది కాబట్టి అందరికీ ఎడిట్ అనుమతి ఇవ్వడం సహజంగానే తోస్తుంది. అయితే శైలి చెదిరేది అక్కడే. ఒకరు తమ స్లైడ్‌లో పట్టడం లేదని అక్షరాల సైజు తగ్గిస్తారు, మరొకరు శీర్షికకు ఎరుపు రంగు వేస్తారు, ఇంకొకరు వచనం పెట్టెను కాస్త పక్కకు జరుపుతారు. విడివిడిగా చూస్తే ఏదీ తప్పుగా అనిపించదు, వరుసగా చూస్తే మాత్రం ప్రతి స్లైడూ వేరే ఊరి నుంచి వచ్చినట్లు ఉంటుంది. కనుక కలిపే విద్యార్థికి మాత్రమే ఎడిట్ అనుమతి ఇచ్చి, మిగిలిన ముగ్గురికీ కామెంట్ చేసే అనుమతి ఇవ్వండి. ఆ బాధ్యత అందరికన్నా డిజైన్ బాగా తెలిసినవారికే దక్కాలన్న నియమమేమీ లేదు. నలుగురి నోట్స్‌నూ ఓపికగా చదవగలవారైతే చాలు.

అను ఫాంట్లలో టైపు చేసిన ఫైల్‌ను అతికిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి. ఫైల్ పాడైపోయిందా?

పాడవలేదు. అను వంటి పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ పద్ధతిని అనుసరించవు. కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైల్‌లో ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. ఆ ఫాంట్ వాటి స్థానంలో తెలుగు అక్షర రూపాలను గీసి చూపిస్తుంది. ఫాంట్ మారగానే ఆ ముసుగు తొలగి అసలు గుర్తులు బయటపడతాయి. దీన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అయితే అను ఫాంట్లలోనూ ఒకటికి మించిన వెర్షన్లు ఉన్నందున, టైపు చేసినవారు ఏది వాడారో కనుక్కుని దానికి తగిన ఎంపికతోనే మార్చాలి.

మార్చిన తర్వాత తప్పనిసరిగా మూలాన్ని పక్కన పెట్టుకుని చదవాలి. తప్పులు ఎక్కువగా ఒత్తుల దగ్గరా, అంకెల దగ్గరా, కొటేషన్ గుర్తుల దగ్గరా దొర్లుతాయి. ఒత్తు తప్పితే చదివేవారు పట్టుకుంటారు గాని అంకె మారితే ఎవరూ పట్టుకోలేరు. కాబట్టి దూరాలు, సంవత్సరాలు, కొలతలు ఉన్న ప్రతి వాక్యాన్నీ విడిగా సరిచూడండి. భాగం రెండు మూడు పేజీలకు మించకపోతే కన్వర్టర్ జోలికి పోకుండా తిరిగి టైపు చేసుకోవడమే త్వరగా తెమిలే పని అని నా అభిప్రాయం.

నోటుపుస్తకం ఫోటోల సంగతేమిటి?

వాటిని రాసిన విద్యార్థినే చదివించి, మరొకరు టైపు చేయడం మేలు. ఫోన్‌లో గూగుల్ కీబోర్డు వాయిస్ టైపింగ్ తెలుగులోనూ పని చేస్తుంది కనుక ఆమె ఒక్కరే చదువుకుంటూ పోయినా సరిపోతుంది. విరామ చిహ్నాలు తర్వాత పెట్టుకోవచ్చు.

ఒకే విషయాన్ని నలుగురూ నాలుగు విధాలుగా రాశారు. ఏది ఉంచాలి?

కలపడంలో అసలు పని ఇదే. ఫాంట్లు కలవకపోతే ప్రేక్షకులకు చికాకు కలుగుతుంది. విషయాలు కలవకపోతే మార్కులు ఇచ్చే అధ్యాపకుడికి ప్రశ్న దొరుకుతుంది. స్లైడ్లు మొదలుపెట్టకముందే ఒక పేజీలో నిర్ణయాల పట్టిక రాసుకోవాలి. మన ఉదాహరణలో ఆ పట్టికకు ఎక్కినవి ఇవి.

మొదటిది గుడి పేరు. ఒకరు రామప్ప గుడి అన్నారు, ఒకరు రామలింగేశ్వరాలయం అన్నారు, యునెస్కో భాగంలో కాకతీయ రుద్రేశ్వరాలయం అని ఉంది. మూడూ వాడుకలో ఉన్న పేర్లే. మొదటి స్లైడ్‌లో అధికారికంగా నమోదైన పేరును, అంటే కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం అన్నదాన్ని ఒక్కసారి చూపించి, ఆ తర్వాత చివరి వరకూ ‘రామప్ప గుడి’ అనే వాడాలని నిర్ణయించుకోవచ్చు. కట్టించిన సేనానికి కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది: రేచర్ల రుద్రుడు, రుద్ర సేనాని, రుద్రారెడ్డి అన్న మూడు రూపాల్లో ఒక్కటే మిగలాలి.

రెండోది జిల్లా. చరిత్ర భాగంలో వరంగల్ జిల్లా, అను ఫైల్‌లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా, గూగుల్ డాక్‌లో ములుగు జిల్లా అని ఉన్నాయి. ఇందులో ఎవరూ ఊహించి రాయలేదు. ఎవరు చదివిన పుస్తకం ఏ సంవత్సరానిదో అన్నదాన్ని బట్టి తేడా వచ్చింది. గుడి ఉన్న పాలంపేట 2016 జిల్లాల విభజన వరకూ వరంగల్‌లోనూ, ఆ తర్వాత భూపాలపల్లిలోనూ ఉండి, 2019లో ములుగు జిల్లా ఏర్పడినప్పటి నుంచి అందులో ఉంది. కనుక ములుగు అనే ఉంచాలి. మిగతా రెండూ అడిగితే చెప్పడానికి వక్త నోట్స్‌లో ఉంటే చాలు.

మూడోది సంవత్సరం. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించవలసి ఉంటుంది. చరిత్ర భాగం శాసనాన్ని అనుసరించి శక సంవత్సరం 1135 అంటోంది; మరొక భాగంలో క్రీ.శ. 1213 అని ఉంది. శక సంవత్సరానికి 78 కలిపితే 1213 వస్తుంది కాబట్టి ఈ రెండింటికీ వైరుధ్యం లేదు, ఒకే లెక్కలోకి మార్చుకుంటే సరిపోతుంది. యునెస్కో భాగం మాత్రం నిర్మాణం 1213లో మొదలై సుమారు 40 ఏళ్లు సాగిందని భావిస్తున్నట్లు చెబుతోంది. ‘1213లో నిర్మించారు’ అని ఒక స్లైడూ, ‘40 ఏళ్లు పట్టింది’ అని మరొక స్లైడూ చెబితే రెండింటి మధ్యా ప్రశ్న వచ్చి తీరుతుంది. ఒకదాన్ని కొట్టివేయడం కన్నా రెండింటినీ ఒకే స్లైడ్‌కు తెచ్చి, ఏది ఎక్కడిదో చెప్పడం సరైన పరిష్కారం: ‘శాసనం తేదీ: క్రీ.శ. 1213. నిర్మాణ కాలం: 1213 నుంచి సుమారు 40 ఏళ్లని యునెస్కో వివరణ.’ రెండు మూలాలు విభేదించినప్పుడు మీలో ఎవరి గొంతు పెద్దదైతే వారి మాట నిలబడకూడదు. మూలం పేరుతో సహా స్లైడ్‌లోకి రావాలి.

పట్టికలో నిర్ణయించుకున్న మాటను ఫైల్ అంతటా మార్చడానికి Find and Replace వాడాను. అయినా కొన్నిచోట్ల పాత రూపమే మిగిలింది. ఎందుకు?

తెలుగులో దీనికి రెండు కారణాలు సాధారణంగా కనిపిస్తాయి. మొదటిది కంటికి కనిపించని అక్షరం. గుడి పునాది పద్ధతిని చెప్పే ‘శాండ్‌బాక్స్’ అన్న మాటలో డ్ తర్వాత బా ఒత్తుగా మారిపోకుండా ఆపేందుకు కొన్ని కీబోర్డులు మధ్యలో కనిపించని విడదీత గుర్తును చేరుస్తాయి. మరొకరి కీబోర్డు దాన్ని చేర్చదు, అప్పుడు బా ఒత్తు కింద పడి ‘శాండ్బాక్స్’ అవుతుంది. వెతికే సాధనానికి ఇవి రెండు వేర్వేరు మాటలుగా కనిపించవచ్చు కాబట్టి రెండు రూపాలనూ ఫైల్ నుంచే కాపీ చేసుకుని విడివిడిగా వెతకాలి.

రెండోది విభక్తులు. ‘రుద్రారెడ్డి’ని ‘రేచర్ల రుద్రుడు’గా మారిస్తే, ‘రుద్రారెడ్డికి’ అన్నది ‘రేచర్ల రుద్రుడుకి’ అయి కూర్చుంటుంది. అన్నింటినీ ఒకేసారి మార్చే Replace All జోలికి పోకుండా ఒక్కొక్కటీ చూసుకుంటూ మార్చడమే మార్గం. పన్నెండు స్లైడ్లకు ఇది పెద్ద పని కాదు.

వాక్యాల తీరు నలుగురిదీ నాలుగు రకాలుగా ఉంది. దాన్ని కూడా మార్చాలా?

మార్చాలి. ఒకరు ‘నిర్మించెను’ అనీ, ఒకరు ‘నిర్మించబడినది’ అనీ, ఒకరు ‘కట్టించాడు’ అనీ రాస్తే, తెర మీద ఫాంట్ ఒకటే అయినా నలుగురూ విడివిడిగా వినిపిస్తారు. స్లైడ్ మీద పూర్తి వాక్యాలు వాడతారా, క్రియ లేని చిన్న పదబంధాలు వాడతారా అన్నది ముందే తేల్చుకోండి. నా సలహా పదబంధాలే, ఎందుకంటే పూర్తి వాక్యం కనబడితే మాట్లాడే విద్యార్థి దాన్ని చదవడం మొదలుపెడతాడు. నీటిపై తేలే ఇటుకల గురించి వచ్చిన నోట్స్‌ను ఎలా మార్చవచ్చో చూడండి.

నోట్స్‌లో ఉన్నది: ‘ఆలయ విమాన భాగము నందు ఉపయోగించబడిన ఇటుకలు చాలా తేలికైనవి మరియు రంధ్రములతో కూడినవి అగుటచే అవి నీటిపై తేలును. దీని వలన పై భాగపు బరువు తగ్గించబడినది.’

స్లైడ్‌లోకి వెళ్లేది: ‘విమానం: తేలికైన, గుల్ల ఇటుకలు. నీటిపై తేలేంత తేలిక. పైభాగం బరువు తగ్గింపు.’

మిగిలిన వివరణను చెరిపివేయకుండా స్లైడ్ కింద ఉండే Notes భాగంలోకి పంపండి. తెర మీద అది కనిపించదు, మాట్లాడేవారికి మాత్రం Presenter View లో కనిపిస్తుంది. రాసినవారికి తమ శ్రమ పోయిందన్న బాధ ఉండదు, తెర నిండిపోయిందన్న ఇబ్బందీ ఉండదు.

ఇటుకల గురించి ఇద్దరు రాశారు. ఎవరి స్లైడ్ తీసివేయాలి?

ఎవరి పేరన్నది కాకుండా ఎక్కడ చెబితే విషయం బాగా అర్థమవుతుందో చూడండి. తేలే ఇటుకలూ, పునాదిలో ఇసుక నింపే పద్ధతీ నిర్మాణ భాగంలో ఒకదాని పక్కన ఒకటి ఉంటేనే, పైన బరువు తగ్గించారు, కింద నేల కదలికను తట్టుకునే ఏర్పాటు చేశారు అన్న ఆలోచన పూర్తవుతుంది. యునెస్కో భాగంలో వాటిని మళ్లీ వివరించకుండా, గుర్తింపుకు దోహదం చేసిన అంశాల్లో ఒకటిగా ఒక్క పంక్తిలో ప్రస్తావిస్తే సరిపోతుంది. 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన విషయం మాత్రం ఆ భాగానికే వదిలేయాలి. చరిత్ర చెప్పే విద్యార్థి దాన్ని ముందే చెప్పేస్తే నాలుగో వక్తకు మొదటి మాటే మిగలదు.

12 నిమిషాలకు స్లైడ్లు పన్నెండు దాటకుండా చూసుకోండి. శీర్షికకు ఒకటి, నలుగురికీ తలా రెండు లేదా మూడు, మూలాలకు ఒకటి అనుకుంటే లెక్క సరిపోతుంది. భాగాలన్నీ సమానంగా ఉండాలన్న పట్టుదల అనవసరం. ఊరు, దారి గురించిన భాగానికి ఒక్క పటం ఉన్న స్లైడ్ చాలు. ఆ సమయం శిల్పానికి ఇస్తే బాగుంటుంది. మాట్లాడే సమయం సమానంగా ఉండాలని అధ్యాపకులు కోరితే, శిల్పం భాగాన్ని ఇద్దరు పంచుకోవచ్చు.

సిద్ధమైన వచనాన్ని స్లైడ్లుగా మార్చడానికి సులువైన దారి ఉందా?

ఉంది, చాలామంది వాడరు. వర్డ్ ఫైల్‌లో స్లైడ్ శీర్షిక కావలసిన ప్రతి పంక్తికీ Heading 1 స్టైల్, స్లైడ్‌లో రావలసిన అంశాలకు Heading 2 స్టైల్ పెట్టి, ఫైల్‌ను సేవ్ చేసి మూసివేయండి. పవర్‌పాయింట్‌లో Home ట్యాబ్‌లోని New Slide కింద Slides from Outline ఎంచుకుని ఆ ఫైల్‌ను చూపిస్తే, ప్రతి Heading 1 ఒక కొత్త స్లైడ్ అవుతుంది. మామూలు వచనంగా ఉన్న పేరాలు లోపలికి రావు. వాటిని తర్వాత Notes లో అతికించుకోవాలి. వచ్చిన స్లైడ్లకు వర్డ్ రంగులు అంటుకుని ఉంటే, అన్నింటినీ ఎంచుకుని Home లోని Reset నొక్కితే మీ థీమ్ రూపానికి మారతాయి.

ఫాంట్, రంగు, సైజు అన్ని స్లైడ్లకూ ఒకేలా ఉండాలంటే ఒక్కొక్క స్లైడ్‌నూ సరిదిద్దాలా?

అక్కర్లేదు. View ట్యాబ్‌లోని Slide Master తెరిచి, ఎడమ వైపు వరుసలో అన్నింటికన్నా పైన ఉన్న పెద్ద స్లైడ్‌లో మార్పు చేస్తే దాని కింద ఉన్న లేఅవుట్లన్నింటికీ, వాటి ద్వారా స్లైడ్లన్నింటికీ ఆ మార్పు చేరుతుంది. అక్కడ శీర్షిక పెట్టెనూ, వచనం పెట్టెనూ ఒక్కొక్కటిగా ఎంచుకుని ఫాంట్ పెట్టండి.

తెలుగు ఫైళ్లలో ఒక చిక్కు ఉంది. పవర్‌పాయింట్ థీమ్ ఇంగ్లిష్ అక్షరాలకు ఒక ఫాంట్‌నూ, తెలుగు వంటి లిపులకు మరొక ఫాంట్‌నూ విడిగా గుర్తుంచుకుంటుంది. థీమ్ ఫాంట్ మార్చినా ఇంగ్లిష్, అంకెలు మాత్రమే మారి, తెలుగు పాత గౌతమిలోనే ఉండిపోవడానికి కారణం అదే. కాబట్టి మాస్టర్‌లో ఫాంట్ పెట్టాక ‘క్రీ.శ. 1213, UNESCO’ వంటి పంక్తిని ఒక స్లైడ్‌లో టైపు చేసి, మూడు రకాల అక్షరాలూ కలిసి బాగున్నాయా అని చూడండి. విండోస్‌లో నిర్మల యూఐ ఈ పరీక్షలో తేలికగా నెగ్గుతుంది, ఎందుకంటే అందులో తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్నాయి. శీర్షికలకు రామభద్ర వంటి బరువైన ఫాంట్ వాడినా, ఒక ఫైల్‌లో రెండు ఫాంట్లకు మించవద్దు.

సైజు విషయంలో శీర్షికకు 36, వచనానికి 24 పాయింట్లు పెట్టుకుని, 20 కన్నా కిందికి దిగనివ్వకండి. పంక్తుల మధ్య దూరాన్ని ఇంగ్లిష్‌కు సరిపడేంతే ఉంచితే పై పంక్తిలోని ఒత్తులు కింది పంక్తిలోని గుడులకు తగులుతాయి. Line Spacing లో Multiple ఎంచుకుని 1.1 లేదా 1.2 ఇస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. పట్టనప్పుడు అక్షరాలను దానంతటదే కుదించే AutoFit ను ఆపివేయండి. ఒక స్లైడ్‌లో 24, పక్క స్లైడ్‌లో 19 వచ్చిందంటే అది దాని పనే. పట్టకపోతే వచనం తగ్గించాలి గాని సైజు కాదు. ప్రాముఖ్యం చూపడానికి ఇటాలిక్ తెలుగుకు నప్పదు, బోల్డ్ చాలు.

ఒకరు అప్పటికే తమ భాగాన్ని రంగురంగుల స్లైడ్లుగా చేసి పంపారు. అదీ కలపాలంటే?

ఆ స్లైడ్లను కాపీ చేసి అతికించేటప్పుడు Use Destination Theme ఎంచుకోండి. గూగుల్ స్లైడ్స్‌లో అయితే Import slides కిటికీలో Keep original theme టిక్కును తీసివేయండి. ఆపైన కూడా కొన్ని అక్షరాలు మారకపోతే, రాసినవారు స్లైడ్‌లో ముందే ఉన్న పెట్టెను వదిలి Text Box ను సొంతంగా గీసి అందులో టైపు చేశారని అర్థం. దాన్ని తేల్చుకోవడానికి View లోని Outline View తెరవండి. సొంతంగా గీసిన పెట్టెల్లోని వచనం అక్కడ కనిపించదు, Reset నొక్కినా దానికి వర్తించదు. ఆ వచనాన్ని కత్తిరించి అసలు పెట్టెలో ఉత్త అక్షరాలుగా అతికించడం తప్ప మరో దారి లేదు.

బొమ్మల విషయంలో ఏం చూసుకోవాలి?

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో స్పష్టత తగ్గి వస్తుంది. మదనిక శిల్పాల నునుపు చూపవలసిన చోట అది బాగా తెలిసిపోతుంది. ఫోటోలను డాక్యుమెంట్‌గా పంపమనండి. అన్ని బొమ్మలనూ ఒకే నిష్పత్తికి, ఉదాహరణకు 4:3కి, కత్తిరించి మాస్టర్‌లోని ఒకే లేఅవుట్‌లో పెట్టండి. బొమ్మ కింద పేరు రాసే తీరు కూడా ఒకటే ఉండాలి. ఎవరు తీసినదో తెలియని బొమ్మను వదిలేయడం మంచిది.

మా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది. సెమినార్ హాల్ కంప్యూటర్‌లో అక్షరాలు చెదిరిపోయాయి. దీన్ని ముందే ఎలా ఆపాలి?

ఆ కంప్యూటర్‌లో మీరు వాడిన ఫాంట్ లేకపోతే మరొకటి దాని స్థానంలోకి వస్తుంది, దాంతో పంక్తులు విరిగే చోటు మారుతుంది. విండోస్ పవర్‌పాయింట్‌లో File, Options, Save కు వెళ్లి Embed fonts in the file ఎంచుకుంటే ఫాంట్ ఫైల్‌తో పాటే ప్రయాణిస్తుంది, దాని లైసెన్సు అనుమతిస్తే. దానితో పాటు పీడీఎఫ్ కాపీ కూడా ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. పీడీఎఫ్‌లో యానిమేషన్లు ఉండవు, వక్త నోట్స్ కనిపించవు, కానీ ఒత్తు ఉన్నచోటే ఉంటుంది. హాల్ ప్రొజెక్టర్ పాత 4:3 రకమైతే 16:9 స్లైడ్ పైనా కిందా నల్లని పట్టీలతో, చిన్నదిగా కనిపిస్తుంది. ఈ సంగతి పని మొదలుపెట్టకముందే కనుక్కోవాలి. మధ్యలో Slide Size మారిస్తే కుదిరిన బొమ్మలన్నీ కదులుతాయి.

అంతా అయ్యాక నిజంగా ఒకే తీరుగా ఉందని ఎలా తెలుసుకోవాలి?

Slide Sorter లో పన్నెండు స్లైడ్లనూ ఒకేసారి చూడండి. శీర్షిక ఒక పంక్తి కిందికి జారిన స్లైడ్, రంగు తేడా ఉన్న స్లైడ్ అక్కడ ఇట్టే దొరికిపోతాయి. ఆ తర్వాత Outline View లో వచనాన్ని మాత్రమే మొదటి నుంచి చివరి దాకా చదవండి. పేరు మారిన చోటు, ‘నిర్మించబడినది’ మిగిలిన చోటు అందులో బయటపడతాయి. ఈ రెండో పనిని కలిపినవారు కాకుండా మరొకరు చేయాలి. చివరగా ప్రతి ఒక్కరూ తమది కాని భాగం తాలూకు స్లైడ్లు చూసి రెండు నిమిషాలు మాట్లాడే ప్రయత్నం చేయండి. ఎక్కడైనా ఆగిపోతే ఆ స్లైడ్‌లో రాసినవారికే తెలిసిన సంక్షిప్తం ఏదో మిగిలిందన్నమాట.

ముందు రోజు రాత్రి ఒకరు ‘ఈ ఒక్క స్లైడ్ కలపండి’ అని కొత్త ఫైల్ పంపారు. ఏం చేయాలి?

అది తప్పును సరిదిద్దేదైతే, అంటే జిల్లా పేరో సంవత్సరమో తప్పుగా ఉందని చెప్పేదైతే, కలిపే విద్యార్థి అసలు ఫైల్‌లోనే ఆ మాటను మార్చి, పీడీఎఫ్ కాపీని మళ్లీ తయారు చేసి, పెన్‌డ్రైవ్‌లోని పాత కాపీని తీసివేయాలి. కొత్త విషయమైతే స్లైడ్‌గా చేర్చవద్దు. ఆ వక్త Notes లో పెట్టి, సమయం ఉంటే నోటితో చెప్పమనండి. ఫైల్ పేరులో తేదీ ఉండాలి గాని ఫైనల్, ఫైనల్ కొత్తది, అసలు ఫైనల్ అన్న పేర్లు పెట్టకండి. ఉదయం హడావుడిలో ఏది తెరవాలో ఎవరికీ గుర్తుండదు.